కార్టన్ నంబర్ 17: మెల్‌బోర్న్‌కి పంపే సామాను లిస్టు ఎలా రాయాలి

ప్రశ్న: జనవరిలో ఫ్యామిలీతో మెల్‌బోర్న్ వెళ్లిపోతున్నాం. నిజాంపేటలో మా ఇంటి సామాను 40 కార్టన్ల దాకా వస్తుందని ప్యాకర్స్ వాళ్లు చెప్పారు, ఓడలో పంపుతారట. లిస్టు మేమే ఇవ్వాలట. "కిచెన్ ఐటమ్స్, బట్టలు అని రాస్తే చాలు సార్" అంటున్నారు. నిజంగా చాలా? అక్కడ కస్టమ్స్‌లో అన్నీ విప్పి పడేస్తారని విన్నాం, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

చాలదండి. ఆ మాట చెప్పినవాళ్ల పని మీ సామాను హైదరాబాద్ దాటించడంతో అయిపోతుంది, మీ పని అక్కడే మొదలవుతుంది. నేను బేగంపేటలో ఒక ప్యాకర్స్ ఆఫీసులో పద్నాలుగేళ్లు ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూశాను. అందులో ఎక్కువ భాగం ఇలాంటి ఇంటి సామానే. మొదట్లో నేనూ "కిచెన్ ఐటమ్స్" అని రాసినవాడినే. ఎందుకు మానేశానో చెప్తాను.

ముందు అక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. ఆస్ట్రేలియాలో మీ సామాను మీద రెండు రకాల చూపు పడుతుంది. ఒకటి బోర్డర్ ఫోర్స్ వాళ్లది, అంటే పన్ను, నిషేధిత వస్తువులు. రెండోది వ్యవసాయ శాఖ వాళ్ల బయోసెక్యూరిటీ ఆఫీసర్లది, అంటే విత్తనం, పురుగు, మట్టి, ఆకు, ఈక. మనలాంటి వాళ్ల పెట్టెలు తెరిపించేది ఎక్కువగా ఈ రెండో వాళ్లే. మీరు B534 అనే ఫారం నింపి సంతకం పెట్టాలి. అందులో ఆహారం ఉందా, చెక్క వస్తువులున్నాయా, మొక్కల నుంచి, జంతువుల నుంచి వచ్చినవి ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. దానితో పాటు పాస్‌పోర్ట్ కాపీ, మీ లిస్టు వెళ్తాయి. ఆఫీసరు మీ సామాను కంటే ముందు మీ లిస్టు చూస్తాడు. కాగితం మీదే అనుమానం ఉన్న లైన్లు గుర్తు పెట్టుకుని, ఫలానా నంబర్ల పెట్టెలు తీసి పెట్టండి అని డిపో వాళ్లకి చెప్తాడు. డిపోలో పెట్టెలు బయటికి లాగే కూలీ, ఆఫీసరు గడిపిన సమయం, మళ్లీ ప్యాక్ చేసే ఖర్చు, అన్నీ మీ ఖాతాలోనే పడతాయి.

కాబట్టి ఏమీ తెరవకుండా చేయడం లిస్టు పని కాదు. ఏది తెరవాలో ఆఫీసరే ఎంచుకుని, దాన్ని రెండు నిమిషాల్లో వెతుక్కుని, రాసిందే లోపల కనిపించాక మిగతావాటి జోలికి పోకుండా ఉండేలా చేయడం. "కిచెన్ ఐటమ్స్" అని పన్నెండు పెట్టెల మీద రాస్తే ఎంచుకోవడానికి ఏమీ ఉండదు, పన్నెండూ ఒకేలా అనుమానంగా కనిపిస్తాయి.

నా 17వ నంబర్ పెట్టె కథ ఇది. 2014లో మియాపూర్ నుంచి ఒక కుటుంబం, 38 కార్టన్లు, మెల్‌బోర్న్‌కే. లిస్టు నేనే టైప్ చేశాను. 17వ పెట్టె దగ్గర "పూజా సామగ్రి, 1 పెట్టె" అని రాసి వదిలేశాను. పూజ అంటే ఏమిటో అక్కడి ఆఫీసర్లకి తెలియదనుకున్నాను. బాగా తెలుసు! మన దగ్గరి నుంచి అన్ని వేల కుటుంబాలు వెళ్లాక తెలియకుండా ఎలా ఉంటుంది. ఆ మాట చూసి ఆ ఒక్క పెట్టె అడిగారు. లోపల ఇత్తడి కుందులు, గంట, పటాలు, ఇవన్నీ బాగానే ఉన్నాయి. వాటి కింద ఎండిపోయిన పూలదండ, ఒక కొబ్బరి చిప్ప, దర్భ కట్ట, పటం వెనక దోపిన నెమలి ఈక. కుంకుమ భరిణె మూత తీస్తే అందులో అక్షింతలు. అవి ఇంట్లోవాళ్లకి గుర్తు కూడా లేవు, ఎవరి పెళ్లివో! అక్షింతలంటే మనకి ఆశీర్వాదం, వాళ్లకి అవి బియ్యం, అంటే ధాన్యం. ఫారంలో ఆహారం, ధాన్యం లేవని రాశాం కదా, ఇక ఆ ఫారం మీద నమ్మకం పోయింది. వంటింటి పెట్టెలన్నీ తీయమన్నారు. మొత్తం 11 పెట్టెలు తెరిచారు. ఆ పదకొండింటిలో పోపుల డబ్బా మూలల్లో ఇరుక్కున్న ఆవాలు తప్ప ఏమీ దొరకలేదు. కానీ ఆవాలు కూడా విత్తనాలే. ఆ ఇంటాయన ఫోన్‌లో నన్ను తిట్టలేదు, "బ్రదర్, నువ్వు ఆ ఒక్క పెట్టెలో ఏమున్నాయో రాసుంటే మా ఆవిడే చూసి తీసేసేది కదా" అన్నాడు. అదే అసలు సంగతి. వివరంగా రాయాలంటే చేత్తో ఒక్కో వస్తువూ పట్టుకోవాలి. పట్టుకుంటేనే లోపల ఉన్నది కనిపిస్తుంది.

ఆ పెట్టెని ఇప్పుడైతే ఎలా చేస్తానో చెప్తా. పూలదండ, కొబ్బరి చిప్ప, దర్భ, అక్షింతలు, ఈక ఇక్కడే ఉండిపోతాయి. ఈక సంగతైతే ఇక్కడే తేలాలి, నెమలి ఈకలు దేశం దాటించడం మన దగ్గరే నిషేధం. మిగిలినవాటిని రెండు పెట్టెలు చేస్తాను. లోహం, అద్దం ఉన్నవి ఒకటి, చెక్కవి ఒకటి. లిస్టులో లైన్లు ఇలా ఉంటాయి (రాసేది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగులో చూపిస్తున్నా): "17, ఇత్తడి దీపపు కుందులు, 4, వాడినవి, కడిగినవి." "17, ఇత్తడి గంట, 1, వాడినది." "17, దేవుడి ఫొటోలు, ప్లాస్టిక్ ఫ్రేమ్, 3, వాడినవి." తర్వాతి పెట్టె: "18, చెక్క పూజా మందిరం, టేకు, పాలిష్ చేసినది, 1, వాడినది, పురుగు లేదు." ఆఫీసరు 17 చూసి పక్కన పెట్టేస్తాడు. 18 తెరిచి మందిరం తిప్పి చూస్తాడు. ఐదు నిమిషాల పని.

ఇందులో మూడు విషయాలున్నాయి. వస్తువు పేరు, అది దేనితో చేసింది, ఎన్ని. మన పేర్లు పెట్టకండి. "చేట" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, "వెదురు బుట్టలాంటి వంటింటి పళ్లెం" అంటే అర్థమవుతుంది. నిజానికి చేట పంపనే వద్దు, వెదురు, ఈతాకు, కొబ్బరి పీచు, చాప, చీపురు వీటిలో ఒక్కటీ పంపొద్దు, అక్కడ ఐదు డాలర్లకి వేరేది దొరుకుతుంది. రోలు రాయిది కాబట్టి పర్లేదు, కానీ "రాతి రోలు, గ్రానైట్, వాడినది, కడిగినది" అని రాయాలి. కవ్వం, చపాతీ పీట, అప్పడాల కర్ర, అట్లకాడ పిడి, వీటిలో చెక్క ఉంది కాబట్టి చెక్క పెట్టెలోకి వెళ్తాయి, స్టీలు గిన్నెల మధ్యలోకి కాదు. స్టీలు గిన్నెల పెట్టెలో స్టీలే ఉండాలి. ఒక్క చెక్క గరిటె దూరితే ఆ పెట్టె మొత్తం చెక్క పెట్టె అయిపోతుంది.

అందుకే ప్యాకింగ్ వాళ్లని గది ప్రకారం కాకుండా పదార్థం ప్రకారం ప్యాక్ చేయమని అడగండి. కనీసం అనుమానపు సామాను వరకైనా. గది ప్రకారం సర్దడం వాళ్లకి తేలిక, అన్ని పెట్టెల్లో కొంచెం కొంచెం చెక్క, కొంచెం చెప్పులు కలిపి వేసేస్తారు. మీ 40 కార్టన్లలో చెక్క రెండు మూడు, చెప్పులు, బూట్లు ఒకటి, సైకిలు, క్రికెట్ కిట్, సూట్‌కేస్ చక్రాలు లాంటి మట్టి తగిలేవి ఒకటి రెండు అలా పోగు చేయండి. అప్పుడు మొత్తం అనుమానం ఆరు పెట్టెల్లో కూర్చుంటుంది, మిగతా ముప్పై నాలుగూ వట్టి బట్టలు, పుస్తకాలు, స్టీలు. ఆ ఆరు నంబర్లు లిస్టు పైనే ఒక లైన్లో రాసేయండి: "చెక్క వస్తువులు: 18, 19. పాదరక్షలు: 22." ఇలా రాస్తే అనుమానం కొనితెచ్చుకున్నట్టే అని కొందరు భయపడతారు. నా అనుభవంలో దానికి పూర్తిగా వ్యతిరేకం. అడగకముందే చూపించినవాడి మిగతా పెట్టెల్ని ఎవరూ కెలకరు.

చెక్క గురించి ఒక మాట. పంపే నెల ముందే ప్రతి చెక్క వస్తువునీ నల్ల కాగితం మీద రెండు మూడు రోజులు వదిలేయండి. కింద సన్నటి పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు తింటోందని అర్థం. రంధ్రం లోపల చెక్క తెల్లగా, కొత్తగా ఉంటే అదీ అంతే; నల్లబడి దుమ్ము పట్టి ఉంటే పాత రంధ్రం కావచ్చు, కానీ ఆఫీసరు దగ్గర మీరు ఈ వాదన పెట్టుకోలేరు. పురుగున్నట్టు తేలితే అక్కడ ఫ్యూమిగేషన్ అంటే పొగ మందు పెట్టడం, లేదా వెనక్కి పంపడం, లేదా పడేయడం, ఏదైనా మీ ఖర్చుతోనే. అమ్మమ్మ కాలం నాటి పీటకి పుచ్చు పట్టి ఉంటే ఇక్కడే చెల్లెలింట్లో పెట్టండి. తొక్క, బెరడు ఉన్న చెక్క కూడా వద్దు. ఎర్రచందనం బొమ్మలు ఉంటే అది అక్కడి సమస్య కాకముందే ఇక్కడి సమస్య, దయచేసి పెట్టకండి.

బట్టలు వట్టివే కదా అన్నాను, పూర్తిగా కాదు. మన ఇళ్లలో పట్టుచీరల మధ్య వేపాకు పెడతారు. అది ఆకు. పెళ్లి చీర మడతల్లో, కొంగు ముడిలో ఒడిబియ్యం గింజలు ఉండిపోతాయి, పసుపు రాసిన బియ్యం ఏళ్లయినా అలాగే ఉంటుంది. మా ఆఫీసులో ఒకసారి బీరువా నుంచి తీసిన చీర దులిపితే గుప్పెడు గింజలు పడ్డాయి, వాళ్ల అత్తగారు ఏడుస్తూ ఏరుకున్నారు, అది వేరే కథ. ఒక్కో చీర తెల్ల దుప్పటి మీద దులిపి మడతపెట్టండి. తర్వాత లిస్టులో "పట్టుచీరలు, ఉతికినవి, 22" అని ధైర్యంగా రాయొచ్చు. చెప్పుల అడుగుల్ని పాత టూత్‌బ్రష్‌తో తోమి ఎండబెట్టాలి. మిక్సీ జార్ రబ్బరు తీసి కింద ఎండిన పిండి చూడండి. వాక్యూమ్ క్లీనర్ సంచి ఖాళీ చేయండి. పోపుల డబ్బా కడగడం కంటే కొత్తది కొనుక్కోవడం నయం. తిండి మాత్రం ఒక్కటి కూడా వద్దు, ఆవకాయ, పొడులు, పప్పులు, అన్నీ. కొన్ని రకాలు రూల్ ప్రకారం వెళ్లొచ్చు, కానీ సముద్రంలో వారాలు ప్రయాణించి, ఆఫీసరు చేతిలో సీసా కారితే ఆ పెట్టె మొత్తం పాడు, పైగా పేపర్ పని రెట్టింపు.

ఇక నంబర్లు. ప్యాకింగ్ రోజు ఇంట్లో గోల గోలగా ఉంటుంది, నలుగురు కుర్రాళ్లు నాలుగు గదుల్లో సర్దుతుంటారు, ఎవరి మార్కర్ వాళ్లది. రెండు 23లు పుడతాయి, 31 అసలు పుట్టదు. అందుకే నంబర్ స్టిక్కర్లు ముందే 1 నుంచి 45 దాకా ప్రింట్ చేసి మీ దగ్గరే పెట్టుకోండి. పెట్టె టేపు వేసే ముందు మీరే అతికించాలి. ఒక్కో పెట్టెకి మూడు చోట్ల, పైన ఒకటి, పక్కన రెండు. పైన ఒక్కటే ఉంటే దాని మీద ఇంకో పెట్టె పెట్టగానే నంబర్ కనపడదు, డిపోవాడు అన్నీ దింపాల్సొస్తుంది. నంబర్‌తో పాటు "మొత్తం 41లో 17" అని కూడా రాయండి. చివర్లో ఒక పెట్టె కొత్తగా వస్తే 17ఏ అని పెట్టకండి, 42 అని పెట్టి మొత్తం సరిదిద్దండి. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు కాగితం, అంటే బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఎన్ని పెట్టెలని ఉందో మీ లిస్టులోనూ అంతే ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా లెక్క తేలేదాకా ఆపేస్తారు.

ఎక్సెల్‌లో రెండు షీట్లు పెట్టుకుంటే సులువు. Items అనే షీట్‌లో ఒక్కో వస్తువుకి ఒక్కో లైను, మొదటి గడిలో కార్టన్ నంబర్. రెండో షీట్‌లో ఒక్కో కార్టన్‌కి ఒక్కటే లైను, A2 నుంచి కిందికి కార్టన్ నంబర్లు రాసి, పక్కన B2లో ఇది వేసి కిందికి లాగండి:

```
=COUNTIF(Items!A:A,A2)
```

ఎక్కడైనా సున్నా వస్తే ఆ పెట్టెలో ఏముందో మీరు రాయలేదన్నమాట. నేను 38 పెట్టెలు చేతితో సరిచూసుకున్న రోజుల్లో ఇది తెలిసుంటే ఎన్ని రాత్రులు మిగిలేవో!

ధరల దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. బయలుదేరే ముందు 12 నెలలుగా మీ సొంతమై, మీరు వాడుతున్న ఇంటి సామానుకి అక్కడ దిగుమతి పన్ను ఉండదు. కాబట్టి వాడిన వస్తువు ధర తగ్గించి రాయాల్సిన అవసరమే లేదు, సున్నా అసలే రాయకూడదు. ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుందో అంత రాయండి. వెళ్తున్నామని బంధువులు ఇచ్చిన కొత్త కుక్కర్, మొన్న కొన్న మిక్సీ, పేకెట్ విప్పని చీరలు, ఇవి ఆ లెక్కలోకి రావు. వీటన్నిటినీ ఒకే పెట్టెలో పెట్టి "కొత్తవి" అని రాసి బిల్లు కాపీ లిస్టుకి జత చేయండి. ఆ పెట్టె మీద పన్ను పడితే పడుతుంది, కానీ మిగతా నలభై మీద ప్రశ్న రాదు. కొత్తవి పాతవాటి మధ్యలో దాస్తే, ట్యాగ్ ఉన్న ఒక్క షర్టు బయటపడగానే అన్ని బట్టల పెట్టెల్నీ తిప్పి చూస్తారు.

ఇంకో చిక్కు ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లకి ఇచ్చే లిస్టు వేరే, కస్టమ్స్‌కి ఇచ్చేది వేరే అని రెండు తయారు చేస్తారు. ఒకదాంట్లో టీవీ 80,000, రెండోదాంట్లో అదే టీవీ 8,000. ప్యాకర్స్ ఫైల్‌లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, అలాగే వెళ్లిపోతాయి. ఇన్సూరెన్స్‌కి కొత్తది కొనే ధర రాయడం తప్పు కాదు, కానీ గడి పేరు "కొత్తది కొనే ధర" అని స్పష్టంగా ఉండాలి. నా సలహా అయితే ఒకటే షీట్, రెండు గడులు, రెండు ధరలూ పక్కపక్కన. అప్పుడు ఎవరికీ అబద్ధంలా కనిపించదు. టీవీ, ల్యాప్‌టాప్ లాంటి వాటికి మోడల్, సీరియల్ నంబర్ కూడా రాసుకోండి, పోతే క్లెయిమ్‌కి పనికొస్తుంది.

హైదరాబాద్ వైపు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన సామాను చాలాసార్లు సనత్‌నగర్ డిపోలో కస్టమ్స్ చూపు దాటాకే ముంబై దగ్గరి నవా షేవా ఓడరేవు వైపు వెళ్తుంది. అక్కడ కూడా అదే లిస్టు చూస్తారు. పాత ఇత్తడి, కంచు విగ్రహాలు గానీ తాళపత్రాలు గానీ ఉంటే ఆపుతారు. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, చేతిరాత గ్రంథాలకైతే 75 ఏళ్లే. మీ విగ్రహం పదేళ్ల కిందట లాడ్ బజార్‌లో కొన్నదే కావచ్చు, కానీ చూస్తే పాతదిలా ఉంటుంది. పురావస్తు శాఖ వాళ్ల దగ్గర ఇది పురావస్తువు కాదని సర్టిఫికెట్ ముందే తీసుకుని, ఆ లైన్ పక్కన సర్టిఫికెట్ నంబర్ రాయండి. కొన్ని వారాలు పట్టొచ్చు కాబట్టి మీ జనవరి ప్రయాణానికి ఇప్పుడే మొదలుపెట్టాలి.

ప్యాకింగ్ రోజు మీ ఇంట్లో ఒక్కరు పెట్టెల దగ్గరే కూర్చోవాలి, వంట, టీలు, బంధువుల వీడ్కోళ్లు వేరేవాళ్లు చూసుకోనివ్వండి. ఆ కూర్చున్నవాళ్లు ప్రతి వస్తువూ పెట్టెలోకి వెళ్తుండగా ఫోన్‌తో ఒక ఫొటో తీసి, నంబర్ స్టిక్కర్ అదే ఫొటోలో పడేలా చూసుకుంటే చాలు. సాయంత్రం ఆ ఫొటోలు చూస్తూ లిస్టు టైప్ చేయొచ్చు. ప్యాకర్స్ వాళ్లు తమ ఫారంలో "యజమాని ప్యాక్ చేసినది" అని రాస్తుంటే, వాళ్లు ప్యాక్ చేసినవాటికి అలా రాయనివ్వకండి, గట్టిగా అడగండి. ఆ మాట చూస్తే లోపల ఏముందో ప్యాకర్స్‌కే తెలియదని ఆఫీసరుకి చెప్పినట్టే, పైగా పగిలితే ఇన్సూరెన్స్‌వాడు కూడా అదే మాట చూపిస్తాడు.

మీ డ్రాఫ్ట్ లిస్టు ఇక్కడ పెట్టండి, ఫోన్ నంబర్లు, పాస్‌పోర్ట్ వివరాలు తీసేసి. పూజ, వంటిల్లు, చెప్పుల పెట్టెల లైన్లు చూసి చెప్తాను.